తెచ్చిన బాకీ ఏ బిల్లుది?

1991 మే 3న దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌లో ఒక ఇంటిని సీబీఐ సోదా చేసింది. వేరే కేసు తీగ లాగుతూ వెళ్ళిన అధికారులకు అక్కడ రెండు డైరీలు, రెండు చిన్న నోటుపుస్తకాలు, విడి కాగితాలున్న రెండు ఫైళ్ళు దొరికాయి. వాటి నిండా అంకెలు, పక్కన పొడి అక్షరాలు. దేశ రాజకీయాలను కుదిపేసిన జైన్ హవాలా కేసు ఆ రాతల మీదే నడిచింది. దాదాపు ఏడేళ్ళ తర్వాత, 1998 మార్చి 2న, సీబీఐ వర్సెస్ వి.సి. శుక్లా తీర్పులో సుప్రీంకోర్టు ఆ రాతలతో ఆరోపణలు నిలబడవని తేల్చింది.

రాజకీయ కథ చాలామందికి గుర్తుంది. లెక్కలు రాసేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది మాత్రం ఆ తీర్పులో ఖాతా పుస్తకం గురించిన చర్చ. కుట్టి ఉన్నదే పుస్తకం, విడి కాగితాలు పుస్తకం కావు అని కోర్టు చెప్పింది. పుస్తకమైనా, వ్యాపారంలో భాగంగా క్రమం తప్పకుండా రాసినదై ఉండాలంది. అలా రాసినదే అయినా, కేవలం ఆ పద్దు చూపించి ఎదుటి మనిషి మీద బాధ్యత మోపడానికి వీల్లేదని, ఆ పద్దు నిజమని చెప్పే వేరే ఆధారం కావాలని చెప్పింది. 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్ సారం ఇదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో ఇది 28వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

సాకేత్ మెట్రో స్టేషన్‌కు ఆనుకుని ఉన్న సైదులాజాబ్ సందుల్లో చిన్న కాంట్రాక్టర్ల లెక్కలు చూడటం నా పని. ఏసీలు బాగుచేసేవాళ్ళు, ఎలక్ట్రికల్ పనులు చేసేవాళ్ళు, హౌస్‌కీపింగ్ సామాను వేసేవాళ్ళు వస్తుంటారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్ళూ ఉన్నారు. బాకీ వసూలు కాని ప్రతి ఒక్కరూ మొదట అనే మాట ఒకటే: "లెడ్జర్ పంపించాను కదండీ, ఇంకేం కావాలంట వాళ్ళకి?" వాళ్ళు లెడ్జర్ అనేది కస్టమర్‌కు నెలకో మూడు నెలలకో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్‌ని. పైన తెచ్చిన నిల్వ, మధ్యలో బిల్లులూ వచ్చిన డబ్బులూ, కింద మిగిలిన బాకీ. హవాలా డైరీల్లోని చీకటి లావాదేవీలకూ ఈ నిజాయితీ గల కాగితానికీ పోలిక లేదు. కానీ చట్టం ముందు రెంటిదీ ఒకే పరిస్థితి. ఒకరు తన పుస్తకంలో తానే రాసుకుని, ఎదుటివాడు బాకీ ఉన్నాడని చెప్పే రాత అది. కస్టమర్ ఒప్పుకునేదాకా ఆ కాగితానికి ఉన్న బలం అంతే.

ఈ కాగితాన్ని అకౌంటెంట్లు, ఆడిటర్లు, వకీళ్ళు మూడు వైపుల నుంచి చూస్తారు. అకౌంటెంట్‌కు అది రెండు పుస్తకాలను సరిపోల్చుకునే సాధనం. ఆడిటర్‌కు మార్చి 31 నాటి బాకీ నిజమేనా అని బయటివాళ్ళ నోట వినే మార్గం. వకీలుకు అది గడువు లెక్క. ముగ్గురి మాటలూ వింటూ వచ్చాక నాకొక అభిప్రాయం స్థిరపడింది. స్టేట్‌మెంట్‌లో అందరి చూపూ కింది మొత్తం మీద ఉంటుంది గానీ, ప్రమాదమంతా పై వరుసలోని తెచ్చిన నిల్వలో ఉంటుంది. ఆ నిల్వ ఏ బిల్లులదో చెప్పని స్టేట్‌మెంట్ ముగ్గురికీ ఉపయోగపడదు.

స్టేట్‌మెంట్లు రెండు రకాలు. పాత నిల్వ తెచ్చుకుని, ఈ నెల పద్దులు కలిపి, కొత్త నిల్వ తీసేది ఒకటి. మన ఊరి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఈ పద్ధతిదే. కొట్టులో ఏ రోజు కందిపప్పు డబ్బు ఎప్పుడు కట్టామన్నది ఎవరికీ పట్టదు, మొత్తం బాకీ తెలిస్తే చాలు. రెండోది బిల్లుల వారీగా ఉంటుంది. తీరిన బిల్లు దానిలోంచి వెళ్ళిపోతుంది. తీరనివి మాత్రమే వాటి నంబరు, తేదీ, ఇంకా రావలసిన సొమ్ముతో కనిపిస్తాయి. కంపెనీలతో వ్యవహారంలో ప్రతి బిల్లుకూ వేరే పని, వేరే పన్ను, వేరే ఆమోదం, వేరే గడువు ఉంటాయి కాబట్టి అక్కడ రెండోదే పనికొస్తుంది. కానీ మన చిన్న కాంట్రాక్టర్లు నూటికి తొంభై మంది మొదటిదే పంపుతారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో లెడ్జర్ తెరిచి ప్రింట్ కొడితే వచ్చేది అదే.

ఆ తేడా ఎంత దూరం పోతుందో ఒక ఖాతా వెంట నడిస్తే తెలుస్తుంది. సొంత పేరున వ్యాపారం చేసే ఒక ఏసీ కాంట్రాక్టర్, దుస్తుల షోరూములు నడిపే ఒక కంపెనీకి మరమ్మతులు చేస్తాడు. పని బట్టి బిల్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అరువు గడువేదీ కాగితం మీద రాసుకోలేదు. 2024 జూన్ 30న అతను కంపెనీకి పంపిన స్టేట్‌మెంట్ ఇలా ఉంది:

ఏప్రిల్ 1, తెచ్చిన నిల్వ: 1,18,000
ఏప్రిల్ 10, బిల్లు 3: 70,800
ఏప్రిల్ 25, నెఫ్ట్ జమ: 70,200
మే 10, బిల్లు 9: 94,400
మే 28, చెక్కు జమ: 1,00,000
జూన్ 5, క్రెడిట్ నోట్ (బిల్లు 9 మీద): 11,800
జూన్ 30, రావలసిన బాకీ: 1,01,200

కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. వారం తర్వాత కంపెనీ అకౌంట్స్ నుంచి ఒక్క వాక్యం జవాబు వచ్చింది. తమ పుస్తకాల్లో అతనికి ఇవ్వాల్సింది 40,300 మాత్రమేనని. తేడా 60,900. కాంట్రాక్టర్ మొహం పాలిపోయింది. వాళ్ళు ఎగ్గొట్టడానికే చూస్తున్నారని అతని అనుమానం.

ఇలాంటి తేడాను ఒక ముద్దగా చూస్తే ఎప్పటికీ తేలదు. ముందు చిన్న ముక్కలు విడదీయాలి. ఏప్రిల్ 25న వచ్చింది 70,200, బిల్లు 70,800. ఆ 600 ఎక్కడికి పోయింది? బిల్లు 3లో పని విలువ 60,000, జీఎస్టీ 10,800. కాంట్రాక్టు పనికి వ్యక్తులకు చెల్లించేటప్పుడు 1 శాతం టీడీఎస్ కోయాలి. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే పన్ను మీద కాకుండా పని విలువ మీదే కోస్తారు. 60,000లో 1 శాతం 600. అది పోలేదు, కాంట్రాక్టర్ పాన్ నంబరు మీద ప్రభుత్వం దగ్గర జమ అయింది. అతను తన పుస్తకంలో ఆ 600కి పద్దు వేయలేదు, అంతే. బిల్లు 9లో పని విలువ 80,000, దాని మీద 800. అంతకుముందు, తెచ్చిన నిల్వలోకి చేరిన ఫిబ్రవరి బిల్లు మీద 500. మొత్తం 1,900.

ఇక్కడ ఒక చిక్కుంది. టీడీఎస్ కోశారో లేదో చూసుకోవడానికి ఫారం 26ఏఎస్ ఉంది. కానీ జూన్ 30న తెరిస్తే అందులో కనిపించేది ఫిబ్రవరి బిల్లు తాలూకు 500 మాత్రమే, ఎందుకంటే జనవరి–మార్చి రిటర్నుకు గడువు మే 31. ఏప్రిల్–జూన్ కోతలు, కంపెనీ జూలై 31 గడువుకు రిటర్ను వేశాకే కనిపిస్తాయి. ఈ సంగతి తెలియక చాలామంది, 26ఏఎస్‌లో లేదు కాబట్టి కోత అబద్ధమని గొడవకు దిగుతారు. ఒక నెల ఆగితే తేలిపోయే తేడా అది. నిజంగానే కోసి కట్టకపోతే, ఆగస్టులో కూడా కనబడదు, అప్పుడు అడగాలి.

1,900 తీసేస్తే కాంట్రాక్టర్ పుస్తకం 99,300కి దిగింది. తేడా ఇక 59,000. ఒకే ముక్క. ఒక పూర్తి బిల్లు అంత ముక్క. కానీ స్టేట్‌మెంట్‌లో 59,000 బిల్లు ఏదీ లేదు! అది ఉన్నది పై వరుసలోని 1,18,000 లోపల. తవ్వితే ఆ నిల్వలో రెండు బిల్లులు బయటపడ్డాయి. 2023 ఆగస్టు 12 నాటి 41వ నంబరు బిల్లు 59,000, 2024 ఫిబ్రవరి 20 నాటి 58వ నంబరు బిల్లు 59,000. రెండూ ఒకే మొత్తం కావడం వల్ల ఏది నిలిచిందో కూడా అంకె చూసి చెప్పలేం. 26ఏఎస్ మళ్ళీ ఉపయోగపడింది. 58కి టీడీఎస్ పడింది, 41కి పడలేదు. టీడీఎస్ అన్నది సొమ్ము చెల్లించినప్పుడో, దానికి ముందే బిల్లు పుస్తకంలో ఎక్కించినప్పుడో కోయాలి. కోత లేదంటే 41వ బిల్లు కంపెనీ పుస్తకాల్లోకి ఎక్కనే లేదని అర్థం. పదకొండు నెలలుగా ఇతను పంపిన ప్రతి స్టేట్‌మెంట్‌లోనూ ఆ బిల్లు నిల్వ కడుపులో దాక్కుని ఉంది. అది రాలేదని వాళ్ళు గానీ, అడుగుతున్నానని ఇతను గానీ ఒక్కసారి కూడా దాని పేరెత్తలేదు.

ఇప్పుడు మే 28 నాటి లక్ష రూపాయల చెక్కు చూడాలి. గుండుగుత్తగా లక్ష. ఏ బిల్లుకని రాయలేదు. టాలీలో వసూలు పద్దు వేసేటప్పుడు, బిల్లుల వారీ వివరాలు పెట్టుకుని ఉంటే, ఇది దేనికని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. పాత బిల్లుకైతే `Agst Ref` ఎంచుకుని ఆ బిల్లు చూపించాలి. తోచనివాళ్ళు `On Account` కొట్టి ముందుకు పోతారు. ఇతనూ అదే చేశాడు. ఈ ఒక్క ఎంపిక వల్ల బాకీ మొత్తం మారదు. మారేది ఏ బిల్లు తీరింది, ఏది తీరలేదు అన్నది.

ఈ ప్రశ్నకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 59, 60, 61 సెక్షన్లు జవాబిస్తాయి. డబ్బు కట్టేవాడు ఇది ఫలానా బాకీకని చెబితే, లేదా పరిస్థితుల్ని బట్టి అది స్పష్టంగా తెలుస్తుంటే, పుచ్చుకున్నవాడు దానికే జమ చేయాలి. ఏప్రిల్‌లో వచ్చిన 70,200 అలాంటిది, బిల్లు 3లోంచి టీడీఎస్ పోను అణా పైసలతో సరిపోయే మొత్తం కాబట్టి అది ఆ బిల్లుదేనని వేరే చెప్పనక్కర్లేదు. కట్టేవాడు చెప్పకపోతే, పరిస్థితులూ చెప్పకపోతే, పుచ్చుకున్నవాడు తనకిష్టమైన బాకీకి జమ చేసుకోవచ్చు. అయితే అది నిజంగా బాకీ ఉన్నదై ఉండాలి. ఇద్దరూ ఏమీ చెప్పకపోతే పాతది ముందు, కొత్తది తర్వాత. ఇంగ్లండులో ఒక బ్యాంకు దివాలా తీశాక 1816లో తేలిన క్లేటన్ కేసు నుంచి న్యాయశాస్త్రంలో స్థిరపడిన వరస ఇది.

ఆ లక్షను పాతది ముందన్న వరసలో జమ చేస్తే 41వ బిల్లు 59,000 పూర్తిగా తీరిపోతుంది. మిగిలిన 41,000 వెళ్ళి 58లో పడుతుంది. అప్పుడు 58లో 17,500, 9లో 81,800 నిలుస్తాయి. మొత్తం 99,300. కంపెనీ పుస్తకం ప్రకారం చూస్తే, వాళ్ళకు 41 అన్నదే లేదు కాబట్టి లక్షలో 58,500 పోయి 58 తీరింది, మిగిలిన 41,500 తొమ్మిదో బిల్లులో పడింది. తొమ్మిదిలో 40,300 నిలిచింది. కాంట్రాక్టర్ దృష్టిలో 41 మీద ఇంకో 59,000 ఉంది. ఇదీ 99,300యే. రెండు లెక్కల్లోనూ కింది మొత్తం ఒక్కటే. మొదటి లెక్కలో వివాదాస్పదమైన బిల్లు తీరిపోయి, ఎవరూ కాదనని బిల్లులు నిలిచాయి. రెండో లెక్కలో ఎవరూ కాదననివి తీరిపోతూ, వివాదంలో ఉన్నది ఒంటరిగా మిగిలింది. స్టేట్‌మెంట్ కింది వరుస మాత్రమే చూసేవాడికి ఈ రెంటికీ తేడాయే కనిపించదు.

వకీళ్ళు ఈ తేడా మీదే ఎందుకు పట్టుపడతారో ఇక్కడ తెలుస్తుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, చెల్లించే గడువు రాసుకోని పనికి సొమ్ము కోసం దావా వేయడానికి పని చేసిన రోజు నుంచి మూడేళ్ళు. 41వ బిల్లు పని ముగిసింది 2023 ఆగస్టు 12న. అంటే 2026 ఆగస్టు 12 దాకా. తెచ్చిన నిల్వ ప్రతి ఏప్రిల్ 1న కొత్త తేదీ వేసుకుని కనిపిస్తుంది కాబట్టి ఆ బాకీకి కూడా వయసు తగ్గినట్టు అనిపిస్తుంది. అది తగ్గదు. ఏప్రిల్ 1 పుస్తకం తెరిచిన తేదీ, బాకీ పుట్టిన తేదీ కాదు.

"రన్నింగ్ అకౌంట్ కదా, చివరి పద్దు నుంచి మూడేళ్ళు ఉంటాయట" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, లిమిటేషన్ చట్టం మొదటి ఆర్టికల్ నుంచి. చివరి పద్దు పడిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి మూడేళ్ళని అందులో నిజంగానే ఉంది. కానీ అది ఇరుపక్షాలూ ఒకరికొకరు బాకీ పడే పరస్పర ఖాతాలకు. నేను నీకు సరుకిస్తాను, నువ్వు నాకు సరుకిస్తావు, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి వేర్వేరు హక్కులు పుడతాయి, అలాంటి ఖాతా. ఒకరు పనిచేసి, ఇంకొకరు డబ్బు కట్టుకుంటూ పోయే ఖాతా ఎన్నేళ్ళు నడిచినా పరస్పర ఖాతా కాదు. 1959లో హిందుస్తాన్ ఫారెస్ట్ కంపెనీ వర్సెస్ లాల్ చంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. నా దగ్గరికి వచ్చే ఖాతాల్లో ఆ మొదటి ఆర్టికల్ కిందికి వచ్చేది ఇంతవరకూ నేను చూడలేదు.

గడువును మళ్ళీ మొదలుపెట్టే దారులు రెండు. గడువు తీరకముందే బాకీదారుడు బాకీని ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తే ఆ సంతకం నుంచి కొత్తగా మూడేళ్ళు. ఇది 18వ సెక్షన్. మొత్తం ఎంతో రాయకపోయినా ఫర్వాలేదు. కొంత బాకీ కట్టి, ఆ కట్టినట్టు తన చేతిరాతలోనో సంతకంతోనో ఆధారం మిగిల్చితే ఆ రోజు నుంచి కొత్త గడువు, ఇది 19. చెక్కు మీద సంతకం ఉంటుంది కాబట్టి ఇక్కడ పనికొస్తుంది. కానీ ఆ చెక్కు ఏ బాకీకి పోయిందో ఆ బాకీకే గడువు పెరుగుతుంది. కంపెనీ వాదన నెగ్గితే మే 28 చెక్కు 58కీ, 9కీ ఊపిరి పోసింది గానీ 41ని తాకలేదు. `On Account` అన్న ఆ చిన్న ఎంపిక బరువు ఇది.

ఇక సంతకం సంగతి. స్టేట్‌మెంట్ అడుగున "ఏడు రోజుల్లో అభ్యంతరం తెలపకపోతే సరైనదిగా భావిస్తాం" అని ముద్రించుకునే అలవాటు దేశమంతా ఉంది. దాన్ని నమ్ముకుని నిద్రపోకూడదు. మౌనం సంతకం కాదు. ఆడిటర్లు కూడా ఈ విషయంలో అంతే కచ్చితంగా ఉంటారు. వాళ్ళ ప్రమాణం ఎస్ఏ 505 ప్రకారం బాకీ ధ్రువీకరణ లేఖను ఆడిటర్ తన అజమాయిషీలో పంపి, జవాబు నేరుగా తనకే రప్పించుకోవాలి. తేడా ఉంటేనే రాయండి అని పంపే లేఖకు జవాబు రాకపోవడాన్ని, ఒప్పుకుంటూ వచ్చిన జవాబు కంటే బలహీనమైన ఆధారంగానే చూస్తారు. సంతకంతో వచ్చిన కాగితం విలువ ఎంతో 1953లో హీరాలాల్ వర్సెస్ బద్కులాల్ కేసు చెబుతుంది. లెక్క చూసి తేల్చిన నిల్వ కింద బాకీదారుడు సంతకం చేస్తే, బేషరతుగా ఒప్పుకున్న ఆ బాకీలో కడతానన్న మాట కూడా ఇమిడి ఉన్నట్టేనని సుప్రీంకోర్టు అంది. అదే స్టేట్‌మెంట్, ఆ సంతకం లేకపోతే, ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకున్న పద్దు. చంద్రధర్ గోస్వామి కేసులో గౌహతి బ్యాంకు తన ఖాతా నకలు మాత్రమే చూపి బాకీ రాబట్టబోతే, ఒప్పుకోని పద్దుకు వేరే సాక్ష్యం కావాలని కోర్టు నిలదీసింది. బ్యాంకు పుస్తకానికే లేని బలం ఏసీ కాంట్రాక్టర్ లెడ్జర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

సాకేత్ జిల్లా కోర్టులు ప్రెస్ ఎన్‌క్లేవ్ మార్గ్ మీద, పెద్ద మాల్స్ ఉన్న రోడ్డు మీదే 2010 నుంచి నడుస్తున్నాయి. 2018 సవరణ తర్వాత 3 లక్షల రూపాయలు, ఆపైన ఉన్న వాణిజ్య వివాదాలు జిల్లా స్థాయి కమర్షియల్ కోర్టుకు వెళ్ళవచ్చు. మన కాంట్రాక్టర్ బాకీ ఆ మెట్టు కూడా ఎక్కదు, మామూలు సివిల్ కోర్టుకే వెళ్ళాలి. 3 లక్షలు దాటినవాళ్ళు, అత్యవసర ఉత్తర్వు అడగని కేసైతే, దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళి తీరాలి. అది లాంఛనం కాదు, తప్పనిసరి అని 2022 ఆగస్టు 17న పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఏ కోర్టుకు వెళ్ళినా బల్ల మీద పెట్టవలసినవి మారవు. ప్రతి బిల్లూ, పని పూర్తయిందని కస్టమర్ మనిషి సంతకం చేసిన జాబ్ షీటూ, బ్యాంకు స్టేట్‌మెంటూ. కంప్యూటర్ లెడ్జర్ ప్రింటు పెడితే దానితో కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ధ్రువపత్రం కూడా ఉండాలి, అందులో ఫైల్ హాష్ విలువ రాయాలి. ఇవన్నీ ఉన్నప్పుడు స్టేట్‌మెంట్ వాటికి విషయసూచికలా పనిచేస్తుంది. ఇవి లేనప్పుడు దాని మీద ఉన్న మొత్తం గాల్లో వేలాడుతుంది.

కోర్టు గడువు కంటే ముందే వచ్చే గడువు ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 41వ బిల్లు 2023–24 ఆర్థిక సంవత్సరానిది. దాని మీద కాంట్రాక్టర్ 9,000 జీఎస్టీ ఎప్పుడో కట్టేశాడు. పనిలో లోపం ఒప్పుకుని కొంత తగ్గించాలనుకుంటే, పన్ను కూడా తగ్గేలా క్రెడిట్ నోట్ చూపించుకోవడానికి గడువు మరుసటి నవంబరు 30, అంటే 2024 నవంబరు 30. వార్షిక రిటర్ను అంతకుముందే వేస్తే ఆ తేదీయే గడువు. అవతల కంపెనీకి కూడా ఆ బిల్లు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవడానికి అదే గడువు. ఆ తేదీ దాటితే రాజీకి వచ్చినా ఇద్దరికీ పన్ను నష్టం మిగులుతుంది. ఇంకో నియమం ప్రకారం, బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సొమ్ము కట్టకపోతే కస్టమర్ తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. కట్టాక మళ్ళీ తీసుకోవచ్చు. ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందం రాసుకున్నా 45 రోజులు మించి అరువు చెల్లదు, ఆలస్యానికి ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఈ గడువులన్నీ బిల్లు నుంచో పని నుంచో మొదలవుతాయి. తెచ్చిన నిల్వ నుంచి మొదలయ్యే గడువు ఒక్కటీ లేదు.

అందుకని జూలైలో, జూన్ 30 నాటి స్టేట్‌మెంట్ మళ్ళీ రాశాం. తెచ్చిన నిల్వ వరుస కొట్టేశాం. నిలిచిన బిల్లులు మాత్రమే రాశాం: 41, వయసు 323 రోజులు, 59,000, కంపెనీ పుస్తకంలో లేదు. 9, వయసు 51 రోజులు, టీడీఎస్, క్రెడిట్ నోట్, చెక్కులో మిగిలిన సొమ్ము పోను 40,300. లక్ష రూపాయల చెక్కును 41కి జమ చేసుకుని కూర్చుందామని కాంట్రాక్టర్ అన్నాడు. చట్టం దారి ఇస్తున్నా నేను వద్దన్నాను. వాళ్ళ పుస్తకంలో లేని బిల్లుకు వాళ్ళ చెక్కు జమ చేస్తే, ఎవరూ కాదనని 58నీ, 9నీ కూడా వివాదంలోకి లాగినట్టు అవుతుంది. ఒప్పుకున్నవి ఒప్పుకున్నట్టే తేల్చేసి, తగాదాను ఒక్క బిల్లుకు కుదిస్తే మాట్లాడుకోవడం తేలిక. ఈ ఎంపికకు మూల్యం ఉందని, చెక్కు వల్ల 41 గడువు పెరగలేదని ఒప్పుకున్నట్టేనని అతనికి ముందే చెప్పాను. 2026 ఆగస్టు 12 తేదీని అతని గోడ క్యాలెండర్ వెనుక రాసి ఇచ్చాను.

స్టేట్‌మెంట్ అడుగున ఏడు రోజుల బెదిరింపు తీసేసి, రెండు గీతలు పెట్టాం. ఒకటి "ఒప్పుకుంటున్న బిల్లులు", రెండోది "ఒప్పుకోని బిల్లులు, కారణం". కింద సంతకం, హోదా, తేదీ. దానికి 41వ బిల్లు నకలు జత చేశాం. వారంలో సంతకంతో తిరిగి వచ్చింది. మొదటి గీత మీద 9 అనీ, రెండో గీత మీద "41 – జాబ్ షీట్ అందలేదు" అనీ చేత్తో రాసి ఉంది. పదకొండు నెలల మౌనం వెనక ఉన్నది ఆ మూడు మాటలే. ఎగవేత కాదు, ఒక కాగితం అందకపోవడం.

జాబ్ షీట్ కోసం కాంట్రాక్టర్ పాత కార్బన్ పుస్తకాలన్నీ దులిపాడు. దొరికింది. షోరూమ్ మేనేజర్ సంతకం ఉంది, కానీ నాలుగు యూనిట్లు రాసిన చోట ఒకదాని పక్కన "గ్యాస్ మళ్ళీ లీక్" అని ఉంది. ఆ ఒక్క యూనిట్ పని విలువ 15,000 తగ్గించడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. అక్టోబరులో 17,700కి క్రెడిట్ నోట్ వెళ్ళింది. మిగిలిన 41,300లోంచి 350 టీడీఎస్ పోను 40,950 నవంబరు రెండో వారంలో ఖాతాలో పడింది. ఈసారి నెఫ్ట్ వివరంలో బిల్లు నంబరు 41 అని రాసి పంపారు.